వాచ్‌మన్ పనికి కుదిరిన దంపతులకు పని వివరాలు

దర్గామిట్ట, నెల్లూరు
2025 జూన్ 29

మొన్న బుధవారం కూర్చుని మాట్లాడుకున్న మాటలే ఇవి. నోటి మాటగా వదిలేస్తే నెల తిరిగేసరికి పేచీలు మొదలవుతాయి, అందుకే కాగితం మీద పెడుతున్నాం. మీ ఇద్దరికీ చదివి వినిపించి, సరే అన్నాకే సంతకాలు. ఒక కాపీ మీ దగ్గర ఉంటుంది, ఇంకొకటి అసోసియేషన్ ఫైల్లో ఉంటుంది.

పని జులై 1, మంగళవారం నుంచి. మొదటి నెల ఇరువైపులా చూసుకునే నెల. మీకు నచ్చకపోయినా మాకు కుదరకపోయినా ఆ నెల జీతం పూర్తిగా ఇచ్చి, మంచిగానే విడిపోదాం. ఆ తర్వాత మానాలన్నా మాన్పించాలన్నా పదిహేను రోజుల ముందు చెప్పాలి.

అన్నిటికంటే ముందు ఒక సంగతి. ఇక్కడ ఫ్లాట్లు పది, కానీ మీకు పని చెప్పేది ఒక్కరే: 202లో ఉండే నేను. నేను ఊళ్లో లేకపోతే 401 ట్రెజరర్ గారు. మిగతావాళ్లు గ్యాస్ బండ పైకి తెమ్మన్నా, అంగడికి వెళ్లి పాల ప్యాకెట్ తెమ్మన్నా, వీలుంటే చేయండి, లేకపోతే "ఇప్పుడు కుదరదండీ" అనండి. అందుకు ఎవరైనా కోప్పడితే నా దగ్గరికి పంపండి. పోయినసారి జనరల్ బాడీలో అందరూ ఒప్పుకున్న మాటే ఇది. మిమ్మల్ని పిల్లలతో సహా అందరూ మీరు అనే పిలవాలని కూడా అప్పుడే అనుకున్నాం.

నీళ్లు

ఈ బిల్డింగులో గొడవలు సగం నీళ్ల దగ్గరే. మున్సిపల్ నీళ్లు సంపులో పడతాయి, అక్కణ్ణుంచి వంటింటి కుళాయిల ట్యాంకుకు వెళ్తాయి. బోరు నీళ్లు పెద్ద ట్యాంకుకు. రెండు మోటార్లూ పొద్దున 5:30కి, సాయంత్రం 5కి వేయాలి. వేసే ముందు ప్యానెల్ బోర్డు మీద మూడు ఇండికేటర్ లైట్లూ వెలుగుతున్నాయో లేదో చూడండి. ఒక్కటి ఆరి ఉన్నా ఒక ఫేజు లేనట్టే, మోటారు వేయొద్దు. వేశాక ఆంపియర్ మీటర్ ముల్లు చూడండి. మామూలుగా అది ఎక్కడ నిలుస్తుందో నేను ఎర్ర మార్కర్‌తో గీత పెట్టాను. ముల్లు గీతకు బాగా కిందనే ఉండిపోతే మోటారు తిరుగుతోంది గానీ నీళ్లు ఎక్కట్లేదని అర్థం. గీత దాటి పైకి పోతే ఎక్కడో పట్టేసిందని. రెండింటిలో ఏదైనా వెంటనే ఆపి నాకు ఫోన్ చేయండి. ఇంకోసారి వేసి చూద్దాం అనుకోవద్దు, కాయిల్ కాలిపోయేది ఆ రెండోసారే.

ట్యాంకు నిండేదాకా మోటారు వదిలేసి బయటికి వెళ్లొద్దు. సెన్సర్ ఉంది గానీ దాని మీద నాకు నమ్మకం లేదు. ట్యాంకు పొంగితే ఆ నీళ్లన్నీ 501 వాళ్ల బాల్కనీలో పడతాయి.

మూడు నెలలకోసారి సంపు, ట్యాంకులు కడిగించడానికి మనుషుల్ని నేనే పిలుస్తాను. మీరు సంపులోకి దిగకండి, మూసి ఉన్న చోట ఊపిరాడదు. సెప్టిక్ ట్యాంకులోకైతే ఎవరు చెప్పినా సరే దిగేది లేదు, మనిషిని దించడం 2013 చట్టం ప్రకారం నేరం.

మిగతా పనులు

మెట్లు, వరండాలు రోజూ ఊడ్చి, రోజు విడిచి రోజు తడిబట్ట పెట్టడం మీ ఆవిడ పని. స్టిల్ట్, గేటు ముందు భాగం, మొక్కలకు నీళ్లు మీ పని. చెత్త బండి వచ్చేలోపు తడి చెత్త, పొడి చెత్త డబ్బాలు గేటు దగ్గర ఉండాలి. రెండూ కలిపేసి పెట్టే ఫ్లాట్ ఏదో పుస్తకంలో రాయండి, వేరు చేసే పని మీరు చేయొద్దు.

కరెంటు పోతే లిఫ్ట్ దానంతటదే దగ్గరి అంతస్తుకు వచ్చి తెరుచుకోవాలి. తెరుచుకోకపోతే తలుపు లాగకండి, కడ్డీ పెట్టి విరవకండి. లోపల ఉన్నవాళ్లకు వినపడేలా మాట్లాడుతూ ఉండండి, మెకానిక్ నంబరు లిఫ్ట్ పక్కనే అతికించి ఉంది. కార్తీకం వానలప్పుడు స్టిల్ట్‌లోకి నీళ్లు వస్తున్నాయంటే ముందు లిఫ్ట్‌ను పై అంతస్తుకు పంపి మెయిన్ ఆపేయాలి. 2021 నవంబరులో పెన్నా పొంగి ఎంత నష్టం చేసిందో ఇక్కడివాళ్లకు తెలుసు, వానను తేలిగ్గా తీసుకోవద్దు.

కొత్త మనిషి వస్తే ఇంటర్‌కమ్‌లో అడిగి పంపండి. ఎవరింటికి ఎవరొచ్చారన్నది మన నోట రాకూడదు. సీసీ కెమెరా రికార్డింగ్ ఎవరడిగినా చూపించొద్దు, నన్ను అడగమనండి.

వచ్చే వారమే రొట్టెల పండగ. స్వర్ణాల చెరువు దగ్గరికి ఎక్కడెక్కడి నుంచో జనం వస్తారు, మన వీధంతా బండ్లే. గేటుకు అడ్డంగా మాత్రం పెట్టనివ్వకండి, మర్యాదగానే చెప్పండి. మంచినీళ్లడిగితే ఇవ్వండి. స్టిల్ట్‌లో బండ్లు పెట్టించి డబ్బులు తీసుకోవడం మాత్రం వద్దు.

వేళలు

పొద్దున 5:30 నుంచి 11, సాయంత్రం 4:30 నుంచి 8. మధ్యాహ్నం మీది, నిద్రపోండి, ఎవరూ తలుపు కొట్టరు. రాత్రి 10:30కి గేటుకు తాళం వేయండి. ఆ తర్వాత వచ్చేవాళ్ల దగ్గర తాళంచెవి ఉంటుంది, మిమ్మల్ని లేపాల్సిన పని లేదు. బుధవారం ఇద్దరికీ సెలవు, ఆ రోజు మోటారు మేమే వంతులు వేసుకున్నాం. ఇవి కాక ఏడాదికి పన్నెండు రోజులు జీతం కోత లేని సెలవు. ఊరికి వెళ్లాలంటే మూడు రోజుల ముందు చెప్పండి. జ్వరం వస్తే మాత్రం ఆ పొద్దున ఒక్క ఫోన్ చాలు.

చెప్పడం, రాయడం

మీటర్ల పక్కన మేకుకు లాంగ్ నోట్‌బుక్ వేలాడుతుంటుంది. రోజుకు రెండు మూడు లైన్లు చాలు, ఇలాగ: "జులై 3. 5:40కి మోటారు వేశాను, 6:35కి ఆపాను. మున్సిపల్ నీళ్లు రాలేదు. మూడో అంతస్తు లైటు పోయింది." రాయడం ఇబ్బందైతే వాట్సాప్‌లో వాయిస్ పెట్టండి, నేనే రాసుకుంటాను.

లిఫ్ట్‌లో ఎవరైనా ఇరుక్కోవడం, షార్ట్ సర్క్యూట్, దొంగతనం, ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోవడం, వీటికి అర్ధరాత్రైనా ఫోన్ చేయండి. ఆంబులెన్స్ 108, ఫైర్ 101, పోలీసు 112, కరెంటు ఆఫీసు 1912. ముందు ఆ నంబరుకు, తర్వాత నాకు. ఏదైనా మీ చేతిలో పగిలితే దాచకండి. వాడకంలో పోయిన వస్తువుకు జీతంలో కోయం.

జీతం

మీకు నెలకు 11,000. ఆమెకు 4,500, అది ఆమె ఖాతాలోనే వేస్తాం. ప్రతి నెలా 5వ తేదీలోపు 401 ట్రెజరర్ గారు ఫోన్‌పే చేస్తారు. స్టిల్ట్‌లోని గదికి అద్దె లేదు, కరెంటు, నీళ్లు ఉచితం. ఫోన్ రీచార్జి మేమే చేయిస్తాం. కార్లు కడిగితే నెలకు కారుకు 600, ఆ కారు ఓనరే ఇస్తారు, అది మీ ఇష్టం. ఎవరింట్లోనైనా ఆమె ఇంటిపనికి ఒప్పుకుంటే ఆ బేరం ఆమెది, మా డ్యూటీ టైము తగలకుండా చూసుకుంటే చాలు.

అడ్వాన్స్ 5,000 వరకు ఇస్తాం, నెలకు వెయ్యి చొప్పున పట్టుకుంటాం. సంక్రాంతికి ఇద్దరికీ సగం నెల జీతం, బట్టలు. బల్బులు, చీపుర్లు, ఫినాయిల్ కొనడానికి మీ చేతిలో వెయ్యి రూపాయలు ఉంటాయి, బిల్లు తెస్తే మళ్లీ నింపుతాం.

ప్రధానమంత్రి సురక్షా బీమాకు ఏడాదికి 20 రూపాయలు, ప్రమాదంలో ప్రాణం పోతే 2 లక్షలు. ఇద్దరి ప్రీమియం అసోసియేషన్ కడుతుంది. ఈ వారంలోనే బ్యాంకుకు వెళ్లి రాయించుకుందాం, నేను కూడా వస్తాను.

మంగళవారం వచ్చేటప్పుడు ఇద్దరి ఆధార్ జిరాక్సులు, బ్యాంకు పాస్‌బుక్కులు, రెండేసి ఫోటోలు తెచ్చుకోండి. గది తాళంచెవి 401లో ఉంది. సున్నం వేయించాం, ఫ్యాను కొత్తది. గ్యాస్ స్టవ్ మాత్రం మీదే తెచ్చుకోవాలి.

సెక్రటరీ, 202