నవంబరు 19 వెనకవైపు

రేపల్లె బజారులో సుబ్బయ్య కిరాణా కొట్టు తలుపు చెక్కలు తీశాక, దీపం కంటే ముందు నిన్నటి కాగితం చిరుగుతుంది. దాన్ని చింపడానికి ఒక పద్ధతుంది. కిందకి లాగితే పైన రేకు పట్టీ దగ్గర సగం ముక్క మిగిలిపోతుంది. కుడి మూల పట్టుకుని పైకెత్తి ఎడమవైపుకి తిప్పితే పిన్నుల వరుస వెంట శుభ్రంగా వస్తుంది. వానాకాలం కాగితాలు చెమ్మ పీల్చి ఉబ్బుతాయి, రెండేసి ఊడొస్తాయి. అందుకని ఆ మూడు నెలలూ వేలు తడి చేసుకోకుండా, ఒక్కో కాగితం గోటితో విడదీసి మరీ చింపాలి.

క్యాలెండరు ఏటా తెనాలి హోల్‌సేలు కొట్టు నుంచి డిసెంబరు సరుకుతో పాటు వస్తుంది. లక్ష్మీదేవి బొమ్మ అట్ట, కింద అరచేతి వెడల్పున కాగితాల కట్ట. ఒక్కో కాగితం మీద పెద్దంకెలో తారీకు, వారం, తిథి, నక్షత్రం, వర్జ్యం, దుర్ముహూర్తం, రాహుకాలం. పౌర్ణమికి తెల్ల సున్నా, అమావాస్యకి నల్ల సున్నా. అంకెకి ఎడమవైపు రెండు వేళ్ల ఖాళీ ఉంటుంది. 1977 నుంచీ సుబ్బయ్య ఇంటి సంగతులు రాసేది అక్కడే. కుడివైపు వ్యాపారానిది: చీటీ పాట, నూనె డబ్బాలు వచ్చే రోజు, జీఎస్టీ గడువు. ఎడమది కుడికి రాకూడదు, కుడిది ఎడమకి పోకూడదు. కొడుకు ప్రసాదు ఒకసారి ఎడమవైపు "మినప్పప్పు 2 బస్తాలు" అని రాస్తే, సుబ్బయ్య ఏమీ అనకుండా రబ్బరుతో చెరిపి కుడివైపు తిరగరాశాడు.

రాత ఎప్పుడూ పెన్సిలుతోనే. పెన్నుతో రాస్తే ఆ పల్చటి కాగితం మీద సిరా కింది రోజుకి దిగిపోతుంది. పైగా ముహూర్తాలు మారతాయి, సంబంధాలు తప్పిపోతాయి, ప్రసవాలు ముందుకీ వెనక్కీ జరుగుతాయి. గట్టి పెన్సిలు కాగితాన్ని చీలుస్తుంది. మరీ మెత్తనిది చేతికంటి మసకబారుతుంది. మామూలు హెచ్‌బీ పెన్సిలు మొన కాస్త అరిగాక సరిపోతుంది. రాసే కాగితం కింద సబ్బు పెట్టె అట్ట ముక్క దూర్చాలి. లేకపోతే నాలుగు రోజుల దాకా గీతలు దిగి, లేని సంగతులు ఉన్నట్టు కనిపిస్తాయి.

రాత లేని కాగితాలు కూడికలకి, కర్పూరం పొట్లాలకి పోతాయి. ఎడమవైపు రాత ఉన్నవి చీటీల తీగకి గుచ్చుతాడు. డిసెంబరు 31 రాత్రి అవన్నీ తీసి పురికొసతో కట్టి, పైన ఏడాది రాసి, ఎండు వేపాకు వేసిన డాల్డా డబ్బాలో పెడతాడు. 1990 మే 9 తుపానుకి కొట్టు రేకులు లేచిపోయి రాత్రంతా వాన లోపలే కురిసింది. ఖాతా పుస్తకాల్లో సిరా అంతా నీలం మరకలైంది. ఎవరు ఎంత బాకీయో తేల్చుకోలేక ఆ ఏడు చాలా పోయింది. డబ్బాలో నీళ్లు నిలిచి క్యాలెండరు కాగితాలూ నానాయి. వాటిని బస్తాల మీద పరిచి నీడన ఆరబెడితే పెన్సిలు రాత ఒక్క అక్షరం పోలేదు.

ఆ డబ్బా పాతవి దాచుకోవడానికి మాత్రమే అనుకుంటే పొరపాటు. ఏటా డిసెంబరు చివరి ఆదివారం, ఆ ఏడు తీగకి గుచ్చినవన్నీ ముందేసుకుని, ఒక్కొక్కటీ కొత్త క్యాలెండరులోకి ఎక్కిస్తాడు. "పు" అంటే పుట్టినరోజు, "పె" అంటే పెళ్లిరోజు, "త" అంటే తద్దినం, పక్కన ఎన్నో ఏడో అంకె. పుట్టినరోజులు, పెళ్లిరోజులు తారీకు చూసి ఎక్కించేస్తే అయిపోతుంది. తద్దినాలు అలా కుదరవు.

2023 నవంబరులో సుబ్బయ్య కుడిచేయి పట్టు తప్పింది. ఆ డిసెంబరు ప్రసాదే కూర్చుని, శ్రద్ధగానే, పాత కాగితాల్లో ఏ తారీకుంటే కొత్తదాంట్లోనూ అదే తారీకు మీద ఎక్కించాడు.

2024 ఆగస్టు 19, సోమవారం. పొద్దున ఆరింటికి ఎడంచేత్తో 18వ తారీకు చింపిన సుబ్బయ్యకి తెల్ల సున్నా కనిపించింది. జంధ్యాల పౌర్ణమి. ఎడమవైపు ఖాళీ.

కట్ట ఎత్తి ఒక్కో రోజూ జరుపుతూ పోతే 30వ తారీకు మీద దొరికింది: "త. అమ్మ 38".

"ఒరేయ్ ప్రసాదూ, మీ నాయనమ్మ తద్దినం ఇవాళరా."

"ముప్ఫై కదా నాన్నా? పోయినేడు ముప్ఫైనేగా పెట్టాం."

"పోయినేడు అధిక శ్రావణం వచ్చింది. అందుకని ముప్ఫైకి పోయింది."

జంధ్యాల పౌర్ణమి కాబట్టి శాస్త్రులు గారికి ఊరంతా పనే. పన్నెండున్నర దాటాక వస్తానన్నారు. తద్దినానికి కావాల్సింది మధ్యాహ్నం దాటిన అపరాహ్ణ కాలమే కనక అదీ మంచికే అయింది. కోడలు మడి కట్టుకుంది. ప్రసాదు కంద, చేమ, అరటికాయ, పొట్లకాయ తెచ్చాడు. నువ్వులు, నెయ్యి, బియ్యం కొట్లోవే. పిండాలు పెట్టేసరికి రెండైంది.

ఆ సాయంత్రం సుబ్బయ్య డబ్బా దింపించి రెండు కట్టలు విప్పించాడు. 1986, అమ్మ పోయిన ఏడు: ఆగస్టు 19, మంగళవారం. 2005: ఆగస్టు 19, శుక్రవారం. మూడోది రేపు చింపబోయే కాగితం. తిథి ఏటా పదకొండు రోజులు అటూ ఇటూగా ముందుకి జరుగుతుంది. అధిక మాసం పడిన ఏడు మళ్లీ పద్దెనిమిది, పంతొమ్మిది రోజులు వెనక్కి పోతుంది. 1987లో 9కి వచ్చింది, 1988లో 27కి పోయింది. పందొమ్మిదేళ్లకి తిరిగి తిరిగి మొదటి తారీకుకో, దాని పక్క తారీకుకో చేరుతుంది. సుబ్బయ్యకి ఇదేదో గ్రంథంలో తెలిసింది కాదు, డబ్బాలో కట్టలు పక్కపక్కన పెట్టి చూసుకుంటే తేలింది.

ఆ డిసెంబరులో హైదరాబాదు నుంచి మనవరాలు లహరి సెలవులకి వచ్చింది. చివరి ఆదివారం కొట్టు మధ్యాహ్నం మూసి, సుబ్బయ్య ఆమెని బల్ల ముందు కూర్చోబెట్టాడు. కొత్త కట్ట, పెన్సిలు, సబ్బు పెట్టె అట్ట.

"తారీకులవి ముందు ఎక్కించెయ్యమ్మా. తద్దినాలు చివర్న చూద్దాం."

నాలుగు కాగితాలు ఎక్కించి ఆమె ఆగింది. "నాది లేదేం తాతయ్యా? ఫిబ్రవరి ఇరవై తొమ్మిది కాగితమే లేదు దీంట్లో."

"ఇరవై ఎనిమిది వెనక్కి తిప్పి రాయి."

"వెనకా?"

"ముందు రాస్తే నువ్వు ఇరవై ఎనిమిదిన పుట్టినట్టవుతుంది. వెనక రాస్తే, ఒకటో తారీకు పొద్దున అది చింపినప్పుడు కనపడుతుంది. ఆ రెండు రోజుల మధ్యే కదా నీ రోజు."

లహరి డబ్బాలోంచి 2001 కట్ట తీసి చూసింది. ఫిబ్రవరి 28 వెనక చిన్నగా: "పు. లహరి 1". 2002లో, 2003లో కూడా వెనకే. 2004లో మాత్రం ముందుకొచ్చింది, కాస్త పెద్దక్షరాల్లో.

తద్దినాల దగ్గర గంట పట్టింది. 2025లో తెల్ల సున్నా ఆగస్టు 9 మీద ఉంది. లహరి అక్కడ రాయబోతే సుబ్బయ్య ఆపాడు. సున్నా సూర్యోదయానికి ఏ తిథి ఉందో దాన్నిబట్టి వేస్తారు. 8న మధ్యాహ్నం రెండు దాటాక పౌర్ణమి వచ్చి, 9న ఒకటిన్నర లోపే వెళ్లిపోతోంది. అపరాహ్ణానికి ఉండేది 8నే. "8 మీద రాసి పక్కన ప్రశ్న గుర్తు పెట్టు. శాస్త్రులు గారిని అడిగాక గుర్తు చెరిపేద్దాం."

అన్నీ అయ్యాయనుకుని లహరి పాత కాగితాలు సర్దుతుంటే ఒకటి మిగిలింది. నవంబరు 19. ఎడమవైపు అక్షరమేదీ లేదు, ఒక్క చుక్క. పెన్సిలు మొన నిలబెట్టి తిప్పినట్టున్న గుండ్రటి చుక్క.

"ఇది పొరపాటున పడిందా తాతయ్యా?"

సుబ్బయ్య మాట్లాడలేదు. ఆమె 2010 కట్ట విప్పింది, 1995 విప్పింది. నవంబరు 19, చుక్క. అడుగున ఉన్న 1978 కట్టలోనూ ఉంది.

"మా తమ్ముడు" అన్నాడు చివరికి. "నాగాయలంక వైపు బాకీలు వసూలు చేసుకొస్తానని పెనుమూడి రేవులో పడవెక్కి అవతలికెళ్లాడు. అప్పుడింకా వంతెన లేదుగా. ఉప్పెన వచ్చింది. సొర్లగొంది దాకా వెళ్లి వెతికాం నేనూ మా నాన్నా. వారం రోజులు. దొరకలేదు."

"తద్దినం పెట్టరా మరి?"

"తిథి కట్టాలంటే పోయాడని ఒప్పుకోవాలి. మా అమ్మ ఒప్పుకోలేదు. ఎక్కడో ఒడ్డెక్కుంటాడు, వస్తాడు అనేది. కొట్లోకొచ్చినప్పుడల్లా క్యాలెండరు కేసి చూసేది. పేరు రాస్తే చదువుతుంది. అందుకని చుక్క పెట్టా. అమ్మ పోయాక రాద్దామనుకున్నా. తొమ్మిదేళ్లు చుక్క పెట్టిన చెయ్యి, పేరు రాయలేకపోయా."

లహరి కొత్త కట్టలో నవంబరు 19 దాకా జరిపింది. బుధవారం. కింద అట్ట ముక్క దూర్చి, మొన నిలబెట్టి, చుక్క పెట్టి తిప్పింది. సుబ్బయ్య వంగి చూసి, సరిగ్గానే ఉందన్నట్టు తలాడించాడు.

"పేరేంటి తాతయ్యా?"

"రంగారావు. రంగా అనేవాళ్లం."

ఆమె పెన్సిలు కింద పెట్టలేదు. కాగితం మూల పట్టుకుని కొద్దిగా ఎత్తింది.

"వెనక రాయొచ్చా?"

సుబ్బయ్య చాలాసేపు గోడకేసి చూశాడు. లక్ష్మీదేవి అట్ట తగిలించాల్సిన మేకు ఖాళీగా ఉంది.

"నొక్కి రాయకు" అన్నాడు. "ముందుకి దిగుతుంది."