విరామం తర్వాత ఉద్యోగంలో చేరాక, రోజూ ఉదయం నాకు నేను చెప్పుకునే మాటలు

కొన్నేళ్ల విరామం తర్వాత నేను మళ్లీ అకౌంట్స్ పని చేస్తున్నాను. పొద్దున్నే టెన్షన్ వస్తోంది. వచ్చినా బయల్దేరుతున్నాను.

డెబిట్, క్రెడిట్ నాకు ఇంకా బాగా తెలుసు. కొత్త సాఫ్ట్‌వేర్ పూర్తిగా రాలేదు, కొంచెం కొంచెంగా నేర్చుకుంటున్నాను.

తెలియనప్పుడు అడుగుతున్నాను. అడిగేటప్పుడు గొంతు కాస్త తడబడుతోంది, అయినా ప్రశ్న మధ్యలో వదిలేయడం లేదు. చెప్పింది రాసుకుంటున్నాను. అదే సంగతి మళ్లీ అడగాల్సి వచ్చినా సిగ్గుపడి ఆగిపోవడం లేదు.

ట్రయల్ బ్యాలెన్స్ రెండు వైపులా కలవకపోతే నన్ను నేను తిట్టుకోవడం లేదు. తేడాను 9తో భాగిస్తున్నాను. శేషం లేకుండా పోతే, 54 బదులు 45 అని ఎక్కడైనా అంకెలు తారుమారు చేశానేమో వెతుకుతున్నాను. ఈ కిటుకు నాకు గుర్తుంది. నేను భయపడినంతగా ఏమీ మర్చిపోలేదు.

పక్కన కూర్చునేవాళ్లు నాకన్నా వేగంగా చేస్తున్నారు, అది నిజమే. నేను సరిచూసుకుంటూ నా వేగంతో చేస్తున్నాను.

ఆ కొన్నేళ్లూ అమ్మను దగ్గరుండి చూసుకున్నాను. ఆ పని విలువ నాకు తెలుసు. ఎవరైనా అడిగితే సంజాయిషీలా కాకుండా, మామూలుగా చెబుతున్నాను.

నాకు అన్ని రోజులూ ధైర్యంగా ఉండడం లేదు. ధైర్యం తక్కువైన రోజు కూడా నా ముందున్న ఒక్క వోచర్‌ను సరిగ్గా ఎంటర్ చేయగలుగుతున్నాను. అది అయ్యాక ఇంకోటి తీస్తున్నాను.