అమ్మమ్మ తాతయ్యల 1961 ఫోటో బాగుచేసి రంగులు వెయ్యడానికి ప్రాంప్ట్

రెండు ఫోటోలు పెడుతున్నా. మొదటిది నువ్వు బాగుచెయ్యాల్సింది, 1961లో బందరులో ఒక స్టూడియోలో తీయించుకున్న మా అమ్మమ్మ తాతయ్యల బ్లాక్ అండ్ వైట్ ఫోటో, 6 బై 8 అంగుళాల ప్రింట్, 600 డీపీఐలో స్కాన్ చేశా. రెండోది 1974లో మా పిన్ని పెళ్లిలో తీసిన గ్రూప్ ఫోటోలోంచి వాళ్ళిద్దరి మొహాలు మాత్రం కట్ చేసింది, అది కేవలం మొహం పోలికలు చూసుకోడానికి, దాంట్లోంచి వయసు గానీ బట్టలు గానీ నగలు గానీ మొదటి ఫోటోలోకి తేవద్దు. 1961లో తాతయ్యకి ముప్పై దాటలేదు, అమ్మమ్మకి ఇరవై నాలుగో ఇరవై అయిదో, ఆ వయసే కనపడాలి.

ముందు దెబ్బలు ఎక్కడెక్కడ ఉన్నాయో చెప్తా. మాది దివిసీమ, నాగాయలంక దగ్గర ఊరు, 1977 నవంబర్ 19 ఉప్పెనలో ఇంట్లోకి సముద్రం నీళ్ళు వచ్చినప్పుడు ఈ ఫోటో ఫ్రేములోనే తడిసిపోయింది, ఆరాక అద్దానికి అంటుకుపోయింది, తర్వాత ఎవరో అద్దం తీయబోతే ఫోటో మీది పొర పెచ్చులుగా లేచిపోయింది. అందుకే అమ్మమ్మ ఎడమ చెంప కింద నుంచి మెడ దాకా తెల్లగా ఖాళీగా ఉంది, అక్కడ అసలు బొమ్మే లేదు. కింద మూడో వంతు అంతా నీటి చార, అది గోధుమ రంగు గీతలాగా తాతయ్య మోకాళ్ళ మీదుగా అడ్డంగా పోతుంది, దాన్ని పంచె మడత అనుకోకు. పై నుంచి కిందకి ఒక మడత పగులు ఉంది, అది కుర్చీ మీద పెట్టిన అమ్మమ్మ చేతి వేళ్ళ మీదుగా వెళ్తోంది. చిన్న చిన్న గుండ్రటి మచ్చలన్నీ బూజు. అంచుల్లో నల్లటి చోట్ల నీలంగా మెరుస్తున్నది ప్రింటులో ఉన్న వెండి పైకి తేలడం వల్ల వచ్చింది, అది వెలుతురు కాదు, తీసెయ్యి.

ఒకేసారి అన్నీ చెయ్యొద్దు. మొదట బ్లాక్ అండ్ వైట్‌లోనే బాగుచేసి ఇవ్వు, రంగు ఒక్క చుక్క కూడా వద్దు, నేను అమ్మకి చూపించి మొహాలు సరిగ్గా ఉన్నాయని తను అన్నాకే రంగుల సంగతి. ఇది మా అమ్మ కోసం, తను చూడగానే ఈవిడ మా అమ్మ, ఈయన మా నాన్న అని గుర్తుపట్టాలి, ఎవరో అందమైన కొత్త దంపతులు వద్దు నాకు. ఇంతకుముందు ఒక యాప్‌లో పెడితే ఇద్దర్నీ తెల్లగా నున్నగా సినిమా వాళ్ళలా చేసి ఇచ్చింది, అమ్మ ఫోన్ తిరిగి ఇచ్చేసి ఏం మాట్లాడలేదు.

మొహాల గురించి గట్టిగా చెప్తున్నా. తాతయ్యకి చిన్నప్పుడు స్ఫోటకం వచ్చింది, బుగ్గల మీద, ముక్కు మీద ఆ గుంటలు ఉంటాయి, అవి ఫోటో మీది మచ్చలు కావు, ఒక్కటి కూడా పూడ్చొద్దు. తేడా ఎలా తెలుస్తుందంటే బూజు మచ్చలు మొహం మీదా గోడ మీదా కుర్చీ మీదా ఒకేలా ఉంటాయి, స్ఫోటకం గుంటలు మొహం మీదే ఉండి ఒక పక్క నీడ పడుతుంది. ఆయన కుడి కన్ను కొంచెం మెల్ల, దాన్ని సరిచెయ్యొద్దు. అమ్మమ్మ పై పన్ను కొంచెం ఎత్తుగా ఉండి కింది పెదవి మీద ఆనుతుంది, అందుకే నోరు పూర్తిగా మూసినట్టు ఉండదు, అలాగే ఉంచు. ఇద్దరూ నవ్వట్లేదు, నవ్వు పెట్టొద్దు. ఖాళీగా ఉన్న ఎడమ చెంపని కుడి చెంప తిప్పి అతికించొద్దు, వెలుతురు ఆవిడ కుడి వైపు నుంచి వచ్చింది కాబట్టి ఎడమ పక్క నీడగా ఉండాలి, దవడ ఎముక రెండో ఫోటో చూసి పూర్తి చెయ్యి. చర్మం మీద ఉన్న గ్రెయిన్ ఉంచు, ప్లాస్టిక్‌లా మెరిపించకు. చేతి వేళ్ళు కుర్చీ పైన నాలుగే కనపడతాయి, బొటనవేలు వెనక ఉంది, అయిదోది గీయకు.

వెనక తెర మీద స్తంభాలు, తోట బొమ్మ ఉన్నాయి, అది గుడ్డ మీద వేసిన పెయింటింగే, దాన్ని నిజం తోట చెయ్యొద్దు, మసకగానే ఉంచు. కింద కుడి మూల స్టూడియో ముద్ర సగం చెరిగింది, ఉన్న అక్షరాలు ఉన్నట్టే వదిలెయ్, లేనివి ఊహించి రాయకు.

ఇక రంగులు, ఇది అమ్మ ఓకే అన్నాక. తాతయ్యది బాగా నల్లటి ఒళ్ళు, పొలంలో ఎండకి తిరిగిన మనిషి, అమ్మమ్మది చామనచాయ, రోజూ పసుపు రాసుకునేది కాబట్టి మొహం మీద, పాదాల మీద లేత పసుపు ఛాయ ఉంటుంది. స్టూడియో లైటుకి ఇద్దరూ ఫోటోలో అసలు ఉన్నదానికన్నా తెల్లగా పడ్డారు, ఆ తెలుపు చూసి మోసపోకు. తాతయ్య లాల్చీ, పంచె ఖద్దరు, నీలిమందు పెట్టి ఉతికిన తెలుపు, అంటే కొంచెం నీలం తేలే తెలుపే తప్ప క్రీమ్ కలర్ కాదు. కండువా అంచు ముదురు ఆకుపచ్చ.

అమ్మమ్మ కట్టుకున్నది మంగళగిరి నూలు చీర, చిలకపచ్చ, అంచు ముదురు ఎరుపు, నిజాం అంచు అంటారే, కోటకొమ్మల్లా వరసగా ముక్కోణాలు ఉంటాయి, అంచులో జరీ సన్నగీత ఒకటే. ఈ రంగు ఊహ కాదు, ఆ చీర చిరిగాక బొంతలో కుట్టారు, ఆ ముక్క ఇప్పటికీ మా దగ్గర ఉంది. నూలు చీర కాబట్టి పట్టులా మెరవకూడదు. రవిక తెల్లది. బొట్టు ఫోటోలో నల్లగా పడింది గానీ అది కుంకుమ, ఎర్రగా, పెద్దగా, గుండ్రంగా. పాపిట్లో సిందూరం పెట్టొద్దు, అమ్మమ్మ పాపిట్లో పెట్టుకునేది కాదు. మెళ్ళో పసుపుతాడుకి రెండు పుస్తెలు, పక్కన నల్లపూసల గొలుసు, అంతే, కొత్త హారాలు వద్దు. ముక్కుపుడక రాయి ఎర్రది. బంగారం పాత బంగారంలా చిక్కటి పసుపు, మెట్టెలు వెండి. గాజులు మట్టి గాజులు, ఆకుపచ్చ. జడ ముందుకి వేసుకుంది, అందులో ఉన్నవి కనకాంబరాలు, మల్లెలు కావు.

రంగులన్నీ కొంచెం తగ్గించి వెయ్యి, ఇప్పటి ఫోన్ ఫోటోలంత గాఢంగా ఉంటే ఆ కాలం పోతుంది. నీకు ఎక్కడ ఆధారం దొరక్క సొంతంగా నింపావో ఆ భాగాలు విడిగా ఇంకో కాపీ మీద ఎర్ర గీతతో చుట్టి చూపించు, అవి నేను అమ్మనీ పిన్నినీ అడిగి చెప్తా.

ఫోటో కట్ చెయ్యకు, సాగదీయకు. 3600 బై 4800 పిక్సెల్స్‌లో ఇవ్వు, 12 బై 16 అంగుళాల మ్యాట్ ప్రింట్ తీయించాలి, బ్లాక్ అండ్ వైట్‌ది ఒకటి, రంగులది ఒకటి, రెండూ పీఎన్‌జీలో. ఇప్పుడు బ్లాక్ అండ్ వైట్‌తో మొదలుపెట్టు.