కార్తీక వనభోజనాలు, నవంబర్ 22: వాన వస్తే పాటించాల్సిన ప్రణాళిక

ఈ కాగితం కార్యవర్గానికి, పదిహేను మంది వీధి బాధ్యులకు, వంట మేస్త్రికి, బస్సుల యజమానికి ఇస్తున్నాం. ప్రతి ఒక్కరి దగ్గరా ప్రింటు ఉండాలి. వానలో ఫోను తడిసినా, ఛార్జింగ్ అయిపోయినా పని ఆగకూడదు.

వివరాలు: 2026 నవంబర్ 22 ఆదివారం ఉదయం 8 నుంచి సాయంత్రం 4 వరకు. నెల్లూరు నుంచి మైపాడు రోడ్డులో ఇందుకూరుపేట దాటాక మామిడితోట. తారు రోడ్డు నుంచి తోటలోకి 300 మీటర్ల మట్టి దారి. 180 కూపన్లు, 640 మంది: పెద్దలు 520, పన్నెండేళ్ల లోపు పిల్లలు 90, ఐదేళ్ల లోపువాళ్లు 30. బస్సుల్లో 330 మంది, కార్లలో 240, బైకుల మీద 70. కూపన్ల ద్వారా వచ్చింది 2,00,000 రూపాయలు, ఖర్చు అంచనా 1,91,000. చేతిలో మిగిలేది 9,000. వాయిదా నష్టానికి సంఘం నిల్వ నుంచి 25,000 వరకు వాడుకోవచ్చని తీర్మానం ఉంది. అంటే 34,000 దాటి నష్టం వస్తే కార్యక్రమాన్ని మరో రోజు జరపడానికి డబ్బు చాలదు. కింద రాసినదంతా ఈ అంకె చుట్టూ తిరుగుతుంది.

ఈ ఏడాది అధిక జ్యేష్ఠం వచ్చింది కాబట్టి కార్తీకం నవంబర్ 10న మొదలై డిసెంబర్ 8 అమావాస్యతో ముగుస్తుంది. సరిగ్గా ఈశాన్య రుతుపవనాల నడిమధ్య. మనకు పనికొచ్చే ఆదివారాలు 22, 29, డిసెంబర్ 6 మాత్రమే. మండపానికి మారుద్దామని కొందరు అడిగారు. పెళ్లిళ్ల కాలం, వారం ముందు చెబితే 640 మందికి సరిపడే మండపం దొరుకుతుందని నమ్ముకోలేం. కాబట్టి మన ప్రత్యామ్నాయం వాయిదాయే.

నిర్ణయం ఎప్పుడు, ఎవరు

అధ్యక్షులు, కార్యదర్శి, కోశాధికారి ముగ్గురే నిర్ణయిస్తారు. ఇద్దరు ఒకటంటే అదే ఖాయం. గ్రూపులో ఓటింగు పెట్టవద్దు. ఎండ కాస్తున్నప్పుడు అడిగితే ఒక జవాబు, మబ్బు పడితే ఇంకో జవాబు వస్తుంది.

నిర్ణయం శనివారం (21) మధ్యాహ్నం 2 గంటలకు. ఆ గంటే ఎందుకంటే, 2:30కి షామియానా లారీ బయల్దేరుతుంది, 4 గంటలకు కూరగాయలు కొంటారు, 6కి పాలు వచ్చి తోడు పెడతారు, రాత్రి గారెలకు పప్పు నానబోస్తారు. శుక్రవారం సాయంత్రం ఆపితే నష్టం దాదాపు లేదు, కిరాణా సీలు తీయని సరుకు వెనక్కి తీసుకుంటుంది. శనివారం 2 గంటలకు ఆపితే షామియానా సగం కిరాయి, 12,000. ఆదివారం ఉదయం 5 గంటలకు ఆపితే షామియానా 24,000, వంట కూలి 32,000, కూరగాయలు 18,000, పాలు పెరుగు 7,000, బస్సులకు సగం 31,500, మొత్తం 1,12,500. అందుకే శనివారం 2 తర్వాత వాయిదా అనే మాట తుపాను ముప్పు ఉంటేనే ఎత్తాలి. మామూలు వానకైతే తడి ఏర్పాట్లతో వెళ్లిపోవడమే.

చూడాల్సినవి రెండు, ఆకాశం, నేల. ఆకాశానికి భారత వాతావరణ శాఖ అమరావతి కేంద్రం ఇచ్చే జిల్లా హెచ్చరిక, శ్రీహరికోట రాడార్ చిత్రం. టీవీ స్క్రోలింగు, వాట్సాప్‌లో తిరిగే ఆడియోలు లెక్కలోకి రావు. ఆదివారానికి నెల్లూరు జిల్లాకు నారింజ లేదా ఎరుపు హెచ్చరిక ఉంటే వాయిదా, చర్చ లేదు. కృష్ణపట్నం రేవులో ప్రమాద హెచ్చరిక ఎగరేసినా అంతే. పసుపు రంగు ఉంటే నేలను బట్టి చూడాలి. భారీ వర్షం అంటే ఆ శాఖ లెక్కలో 24 గంటల్లో 64.5 మిల్లీమీటర్లు, ఆ పైన. పసుపు ఉన్న రోజు అంత పడకపోవచ్చు. కానీ గురు, శుక్రవారాల్లో పడి ఉంటే ఆదివారం చుక్క పడకపోయినా మట్టి దారి మనల్ని మింగుతుంది.

నేల పరీక్ష: శనివారం 12 గంటలకు తోట యజమాని ట్రాక్టరును ఖాళీ ట్రక్కుతో మట్టి దారిలో ఈ చివర నుంచి ఆ చివరకు నడపాలి. గాడి నాలుగు అంగుళాలు దాటితే బస్సులు లోపలికి రావు, తారు రోడ్డు మీదే ఆగాలి. పెద్దవాళ్లను రెండు ఆటోల్లో లోపలికి చేర్చాలి. గాడిలో నీళ్లు ఊరి నిలబడితే ఆటో కూడా పోదు. అది, దానితో పసుపు హెచ్చరిక రెండూ ఉంటే వాయిదా. రెండు ట్రాక్టర్ల గ్రావెల్ ముందే తెప్పించి మలుపు దగ్గర కుప్ప పోయించాం. మొత్తం దారికి చాలదు, మలుపుకు మాత్రమే.

తడి ఏర్పాట్లు

ఈ కాలంలో సముద్రం ఒడ్డున వాన ఎక్కువగా రాత్రి, తెల్లవారుజామున పడి పొద్దెక్కాక తెరిపిస్తుంది. అందుకని పసుపు హెచ్చరిక ఉంటే బస్సులు 7:30కి కాకుండా 9:30కి బయల్దేరతాయి, పూజ 11కి, భోజనాలు 1కి. వంట తోటలో కాదు, మన కమ్యూనిటీ హాలు వెనక రేకుల షెడ్డులో. తోటలో తడి కట్టెలు మండవు, గాలికి గ్యాసు పొయ్యి మంట నిలవదు, ఈ రెండింటివల్లే అన్నం ఆలస్యమవుతుంది. వండినవి మూతలు కట్టి రెండు వ్యాన్లలో 12:15కి తోటకు చేరాలి. పులిహోర, పప్పు, గుత్తివంకాయ ప్రయాణం తట్టుకుంటాయి. కొబ్బరి పచ్చడి తట్టుకోదు, ఆ రోజుకు దాన్ని తీసేసి గోంగూర పెట్టాలి. వండిన నాలుగు గంటల్లోపు వడ్డన ముగియాలి.

షామియానా గుడ్డ నీళ్లను ఆపదు, పీల్చుకొని బరువెక్కుతుంది. పైన టార్పాలిన్ వేసి, నడిమి గుంజ పక్క గుంజల కన్నా మూడడుగులు ఎత్తుగా ఉండేట్టు కట్టమని చెప్పాలి. చదునుగా కడితే నీళ్లు మధ్యలో నిలిచి, కింది నుంచి కర్రతో పొడిచినప్పుడు ఒక్కసారిగా వంటల మీద పడతాయి. గాలి పెరిగితే ముందు పక్క పరదాలు విప్పాలి. అవి ఉంటే గాలి గుంజలతో సహా లేపుతుంది. జనరేటరు వైర్లకు అతుకులు నేల మీద ఉండకూడదు, కొమ్మలకు కట్టాలి. బోర్డులో 30 మిల్లీఆంపియర్ల లీకేజీ బ్రేకరు లేకపోతే మైకు సెట్టు పెట్టనివ్వవద్దు.

ఉరుము వినబడితే

వనభోజనాల్లో అసలు ప్రమాదం ఇది. వాన రాగానే జనం పరుగెత్తేది చెట్ల కిందికే, పిడుగు దిగేదీ చెట్ల మీదికే. షామియానా కూడా రక్షణ కాదు. మెరుపు కనబడ్డాక 30 సెకన్లలోపు ఉరుము వినబడితే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. వెంటనే మైకులో ఒకే మాట: "అందరూ బస్సుల్లోకి, కార్లలోకి, ఇప్పుడే." అద్దాలు మూసిన ఇనుప బాడీ వాహనం సురక్షితం, ఆటో, బైకు కాదు. ఏడు బస్సుల్లో 350 సీట్లు, బైకుల మీద వచ్చినవాళ్లను నిలబెట్టినా 400 మంది పడతారు. కార్లలో వచ్చినవాళ్లు వాళ్ల కార్లలోనే. ఇందుకోసమే బస్సులను మధ్యలో వేరే ట్రిప్పుకు పంపవద్దని ఒప్పందంలో రాయించాం. డ్రైవర్లు బస్సు వదిలి దూరం పోకూడదు. చివరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగి దిగాలి. ఎవరికైనా పిడుగు తగిలితే ముట్టుకోవడానికి భయపడవద్దు, వాళ్ల ఒంట్లో కరెంటు ఉండదు. ఊపిరి, నాడి లేకపోతే ఛాతీ నొక్కడం మొదలుపెట్టి 108కి ఫోన్ చేయాలి.

భోజనానికి ముందే ఆపాల్సి వస్తే వంటలతో సహా కమ్యూనిటీ హాలుకు వచ్చి మూడు బంతుల్లో, బంతికి 220 మందికి వడ్డించాలి. భోజనం అయితే కార్యక్రమం జరిగినట్టే, వేరే తేదీ లేదు.

వాయిదా వేస్తే: అందరినీ 29కి మార్చడం

తోట, వంట మేస్త్రి, ఏడు బస్సులు 29వ తేదీకి ముందే ఆపి ఉంచాం. శనివారం 2 లోపు చెబితే అదనపు కిరాయి లేదని వాళ్లు సంతకం పెట్టారు. 2:15కి కార్యదర్శి ఈ సందేశం పంపుతారు, ఇంకెవరూ సొంత మాటలతో పంపవద్దు:

"రేపటి (22) వనభోజనాలు వాతావరణ హెచ్చరిక వల్ల 29 ఆదివారానికి మార్చాం. అదే తోట, అదే బస్సు, అదే కూపన్ నంబరు. వచ్చేవారు '29' అని, రాలేనివారు 'డబ్బు' అని కూపన్ నంబరుతో సహా మీ వీధి బాధ్యులకు బుధవారం (25) రాత్రి 8 లోపు తెలపండి. డబ్బు కోరినవారికి పూర్తి మొత్తం శుక్రవారం (27) లోపు అందుతుంది. రేపు బస్సులు రావు, దయచేసి ఎవరూ బయల్దేరవద్దు."

గడువు మంగళవారం పెట్టకపోవడానికి కారణం 24న కార్తీక పౌర్ణమి, ఆ రోజు ఎవరూ ఫోన్ చూడరు.

ఒక్కో బాధ్యుడికి 12 కుటుంబాలు. సందేశం చూసినట్టు నీలి టిక్కులు వచ్చినా సరే, వాట్సాప్ లేని పెద్దలకు, బస్సు ఎక్కేవాళ్లకు శనివారం రాత్రి 9 లోపు ఫోన్ చేయాల్సిందే. జాబితాలో కుటుంబాన్ని కూపన్ నంబరుతో గుర్తించాలి, ఫోన్ నంబరుతో కాదు. భార్య ఒక ఫోను నుంచి, భర్త ఇంకో ఫోను నుంచి జవాబిస్తే రెండు కుటుంబాలుగా లెక్క పడుతుంది. కుటుంబంలో కొందరే వస్తామంటే ఆ వరుసను రెండుగా విడదీసి 47-అ, 47-ఆ అని రాయాలి. షీటులో B నిలువు వరుస తలల లెక్క, C జవాబు: ఇంకా రాకపోతే 0, వస్తామంటే 29, డబ్బు కావాలంటే 1. వచ్చేవాళ్ల సంఖ్య (వరుసలు విడదీస్తే 181ని రెండు చోట్లా మార్చాలి):

```
=SUMIF(C2:C181,29,B2:B181)
```

మూడుసార్లు ఫోన్ చేసినా జవాబు లేనివాళ్లకు బస్సు సీట్లు పూర్తిగా ఉంచాలి, వంటకు మాత్రం వాళ్లలో సగం మందినే లెక్కేయాలి. ఖాళీ అయిన చోట్లు నిరీక్షణ జాబితాలోని 11 కుటుంబాలకు, 38 మందికి, వరుస క్రమంలో గురువారం ఉదయం ఇవ్వాలి. బుధవారం రాత్రికి ముందు ఎవరికీ మాట ఇవ్వవద్దు.

డబ్బు తీసుకున్నవాళ్ల కూపన్లు వెనక్కి తీసుకోలేం, కాబట్టి 29న బస్సు దగ్గర, తోట గేటు దగ్గర కూపన్ కాదు, జాబితా చూడాలి. చెల్లింపు ఏ యూపీఐ నుంచి వచ్చిందో అదే దానికి వెనక్కి వెళ్లాలి. నగదు ఇచ్చినవారికి సంతకం తీసుకొని నగదే ఇవ్వాలి. 22న కార్యక్రమం జరిగి కూడా రానివాళ్లకు డబ్బు తిరిగి రాదు, ఆ మాట కూపన్ వెనక ముద్రించి ఉంది.

29కి కూడా ఇదే పద్ధతి, నిర్ణయం 28 శనివారం మధ్యాహ్నం 2కి. అదీ కుదరకపోతే డిసెంబర్ 6. కానీ ఆ రోజుకు ఐదు బస్సులే ఖాయం, మిగతావి శివాలయాల యాత్రలకు పోయాయి. బస్సుల్లో 250 మందికే చోటు, కాబట్టి కార్లున్నవాళ్లు ఒక్కో కారులో ఇద్దరు ముగ్గురిని ఎక్కించుకోవాలని ముందే అడిగి రాసిపెట్టుకోవాలి. డిసెంబర్ 6 కూడా పోతే మరో తేదీ ఉండదు. డిసెంబర్ 12 లోపు ఎవరి డబ్బు వారికి ఇచ్చేసి, ఖర్చుల లెక్క నోటీసు బోర్డుకు పెట్టాలి.