తాకట్టు చిట్టా: 31-03-2025 వరకు పట్టిక, లెక్కల సరిచూపు

మామయ్యా,

మీరిచ్చిన ఎర్ర అట్ట నోటుబుక్కులోని ఎనిమిది పద్దులనూ పట్టికగా వేశాను. చిట్టాలో ఉన్న అంకెను ఉన్నట్టే ఒక గడిలో రాసి, నేను కట్టిన లెక్కను దాని పక్కన వేరే గడిలో పెట్టాను. రెండూ కలవని చోట మీ అంకెను దిద్దలేదు, తేడా మాత్రం చూపించాను. ఎక్కడ తప్పు ఉందో మీకు కనబడాలి కదా. ఎక్కువ టెన్షన్ పడకండి, ఎనిమిదింటిలో ఐదు పైసాతో సహా సరిపోయాయి.

ముందు ఒక మాట. నెల మీద మిగిలిన రోజులకు వడ్డీ ఎలా కడతారో నోటుబుక్కులో ఎక్కడా రాయలేదు. తీరిపోయిన పద్దుల నుంచి వెనక్కి లెక్కేసి పట్టుకున్నాను. 2వ పద్దులో అసలు 15,000, నూటికి 2 రూపాయలు, అంటే నెలకు 300. మీరు తీసుకున్న వడ్డీ 1,950. 1,950ని 300తో భాగిస్తే ఆరున్నర. తేదీలు చూస్తే 6 నెలల 12 రోజులు. కాబట్టి 12 రోజులకు అర నెల వేశారు. 3వ పద్దులో నెలకు 450, వడ్డీ 4,500, అంటే 10 నెలలు. తేదీల ప్రకారం 9 నెలల 20 రోజులు. 20 రోజులకు నిండు నెల కట్టారు. దీన్నిబట్టి 15 రోజుల వరకు అర నెల, ఆపైన నిండు నెల అని తీసుకున్నాను. మీ లెక్క ఇది కాకపోతే చెప్పండి, పట్టిక మొత్తం మారుతుంది.

రోజుల లెక్కన కడితే 3వ పద్దుకు 4,350 వస్తుంది, 150 తక్కువ. డబ్బు తీసుకున్నాయనకు మీ పద్ధతి ముందే తెలుసని అత్తయ్య చెప్పింది, అందుకే దాన్ని కదపలేదు.

మధ్యలో కొంత కట్టిన పద్దును రెండు వరుసలు చేశాను: కట్టిన రోజు వరకు ఒకటి (అ), ఆ తర్వాతది ఒకటి (ఆ). కట్టిన సొమ్ము ముందు వడ్డీకి, మిగిలింది అసలుకు జమ. ఇంకా తీరని వాటికి 31-03-2025 వరకు కట్టాను. వడ్డీ మీద వడ్డీ ఎక్కడా వేయలేదు, మీరూ వేయలేదు.

| పద్దు | నుంచి | వరకు | అసలు | నెలకు నూటికి | నెలలు | సరైన వడ్డీ | చిట్టాలో వడ్డీ | తేడా |
|---|---|---|---|---|---|---|---|---|
| 1 | 10-06-2023 | 10-12-2023 | 20,000 | 2.00 | 6 | 2,400 | 2,400 | 0 |
| 2 | 05-08-2023 | 17-02-2024 | 15,000 | 2.00 | 6.5 | 1,950 | 1,950 | 0 |
| 3 | 12-09-2023 | 02-07-2024 | 30,000 | 1.50 | 10 | 4,500 | 4,500 | 0 |
| 4అ | 25-11-2023 | 25-05-2024 | 40,000 | 2.00 | 6 | 4,800 | 4,800 | 0 |
| 4ఆ | 25-05-2024 | 25-01-2025 | 29,800 | 2.00 | 8 | 4,768 | 6,400 | 1,632 ఎక్కువ |
| 5 | 03-01-2024 | 31-03-2025 | 10,000 | 2.00 | 15 | 3,000 | 2,800 | 200 తక్కువ |
| 6అ | 14-02-2024 | 14-08-2024 | 25,000 | 2.00 | 6 | 3,000 | 3,000 | 0 |
| 6ఆ | 14-08-2024 | 31-03-2025 | 20,000 | 2.00 | 8 | 3,200 | 3,200 | 0 |
| 7అ | 20-04-2024 | 20-10-2024 | 17,000 | 2.00 | 6 | 2,040 | 2,040 | 0 |
| 7ఆ | 20-10-2024 | 31-03-2025 | 17,000 | 2.00 | 5.5 | 1,870 | రాయలేదు | కొత్తగా కట్టింది |
| 8 | 31-08-2024 | 28-02-2025 | 8,000 | 2.00 | 6 | 960 | 960 | 0 (కూడికలో తప్పు ఉంది) |
| మొత్తం | | | | | | 32,488 | | |

ఇక ఒక్కో పద్దు.

1వది నెలకు 400 చొప్పున 6 నెలలు, 2,400. అడ్డగీత కొట్టి ఉంది, పక్కన "చె." అని ఉంది. చెప్పుకోవడానికేం లేదు.

2వ దానిలో తప్పు నాది. మీరు 5-8-23 అని రాసినట్టే నేనూ కంప్యూటర్‌లో కొట్టాను. నా కంప్యూటర్ ముందు నెల, తర్వాత తేదీ అని చదువుతుంది. 17-2-24ను అది తేదీగానే ఒప్పుకోలేదు, దాన్ని దిద్దాను. 5-8ని మాత్రం నోరెత్తకుండా మే 8గా తీసేసుకుంది. వడ్డీ 2,850 వచ్చింది. మీ 1,950కి, దానికి 900 తేడా. మీరే తక్కువ తీసుకున్నారని అనుకోబోయాను! తర్వాత పట్టికలోని తేదీలన్నీ నెల పేరుతో, `05-Aug-2023` లాగా, మళ్లీ కొట్టి, నోటుబుక్కు పక్కన పెట్టుకుని ఒక్కొక్కటీ పైకి చదివి చూశాను.

3వ పద్దు గురించి పైనే చెప్పాను.

4వ పద్దే అసలు సంగతి. 25-11-2023న 40,000 ఇచ్చారు. ఆరు నెలలకు, 25-05-2024న, ఆయన 15,000 కట్టారు. అప్పటికి వడ్డీ 4,800. అది పోగా మిగిలిన 10,200 అసలుకు జమ కావాలి, అసలు 29,800కి దిగాలి. తర్వాత 8 నెలలకు నెలకు 596 చొప్పున 4,768. విడిపించుకునే రోజున ఆయన ఇవ్వాల్సింది 34,568.

చిట్టాలో ఇలా ఉంది: "14 నె. వ. 11,200. మొ. 51,200. జ. 15,000. బాకీ 36,200." అంటే 15,000 చేతికి వచ్చాక కూడా 40,000 మీదే వడ్డీ నడిచింది. తీసుకున్నది 36,200, రావాల్సింది 34,568, తేడా 1,632. ఇంకో దారిలోనూ సరిచూశాను: అసలులో తగ్గాల్సిన 10,200 మీద నెలకు 204, ఎనిమిది నెలలకు 1,632. అదే అంకె. (పట్టికలో నేను చూపిన 4,800, 6,400 అనే విడదీత నాది. చిట్టాలో కలిపి 11,200 అనే ఉంది.)

ఇది మీ పద్ధతి అనుకోవడానికి వీల్లేదు, ఎందుకంటే 6వ పద్దులో మీరే సరిగ్గా చేశారు. అక్కడ 25,000 మీద 8,000 వచ్చింది. 3,000 వడ్డీకి, 5,000 అసలుకు పోసి, "ఇక 20,000" అని గుండ్రం చుట్టారు. ఆ గుండ్రం 4వ పద్దులో లేదు, అంతే. ఆ 15,000 జమ తర్వాతి పేజీ పైన ఉంది. పేజీ తిప్పేసరికి మరిచిపోయి ఉంటారు.

5వ దానిలో 14 నెలలు కట్టారు. 03-01-2024 నుంచి 03-03-2025కి 14 నెలలు సరే, ఆపైన మార్చి 31 వరకు ఇంకో 28 రోజులున్నాయి. మీ లెక్క ప్రకారమే అది నిండు నెల. వడ్డీ 3,000, బాకీ 13,000. ఇంకా తీరలేదు కాబట్టి ఇప్పుడే దిద్దుకుంటే సరిపోతుంది. ఒకటి మాత్రం అడగాలి: దీని పక్కన "ఉంగరం 1" అని ఉంది, బరువు రాయలేదు. మిగతా అన్నిటికీ గ్రాములున్నాయి. పెట్టెలోంచి తీసి ఆయన ముందే తూచి రాసుకుంటే మంచిది.

7వ పద్దు అసలు చదవడానికే అరగంట పట్టింది. 12,000 అనిపిస్తుంది, 17,000 అనిపిస్తుంది. మీ 2కీ 7కీ తోక ఒకటే! భూతద్దం పెట్టినా తేలలేదు, వడ్డీ తేల్చింది. 20-10-2024న ఆరు నెలల వడ్డీ 2,040 జమ అని ఉంది. 12,000 అయితే 1,440 అయ్యేది. 17,000కి సరిగ్గా 2,040. కాబట్టి 17,000. అయినా వాళ్ల దగ్గరున్న చీటీ ఒకసారి చూసి రండి. ఆ తర్వాత ఐదున్నర నెలలకు నెలకు 340 చొప్పున 1,870. బాకీ 18,870.

8వ దాని వడ్డీ 960, సరే. ఆగస్టు 31 నుంచి ఫిబ్రవరి 28కి ఆరు నెలలా, అయిదు నెలల 28 రోజులా అన్న పేచీ ఉంది గానీ, ఎటు లెక్కేసినా 6 నెలలే. కూడికలో మాత్రం 8,690 అని పడింది. 8,000కు 960 కలిపితే 8,960. తేడా 270, తొమ్మిదితో తెగుతుంది. అలా తెగితే పక్కపక్క అంకెలు అటూ ఇటూ అయ్యాయేమో చూడమంటారు, ఇక్కడ 9, 6 తారుమారయ్యాయి. చివరి పేజీలోని ఫిబ్రవరి వసూళ్లలో 8,960 అనే ఉంది, కాబట్టి డబ్బు సరిగ్గానే వచ్చింది. రాతలో తప్పు, అంతే.

మొత్తం పట్టికను ఇంకోవైపు నుంచి కూడా కట్టి చూశాను. ఇచ్చిన అసలు 1,65,000, సరైన వడ్డీ 32,488, కలిపి 1,97,488. చేతికొచ్చింది 1,44,050, అందులో ఎక్కువ తీసుకున్న 1,632 తీసేస్తే 1,42,418. ఇంకా రావాల్సింది 5, 6, 7 పద్దుల్లో 13,000, 23,200, 18,870, మొత్తం 55,070. 1,42,418కి 55,070 కలిపితే 1,97,488. రెండు వైపులా ఒకటే వచ్చింది.

నెలలు, వడ్డీ కట్టే సూత్రాలు ఇవి. B లో నుంచి, C లో వరకు, D లో అసలు, E లో నూటికి ఎంతో ఉంటాయి, F లో నెలలు, G లో వడ్డీ వస్తాయి. తమ్ముడు కొత్త పద్దు రాసినప్పుడు కింది వరుసకు లాగితే చాలు:

```
F2: =DATEDIF(B2,C2,"m")+IF(DATEDIF(B2,C2,"md")=0,0,IF(DATEDIF(B2,C2,"md")<=15,0.5,1))
G2: =D2*E2/100*F2
```

దీన్ని గుడ్డిగా నమ్మి వదలలేదు. పదకొండు వరుసలనూ కాగితం మీద, నెలకు ఎంత, ఎన్ని నెలలు అని చేత్తో కట్టాకే పట్టికలో ఉంచాను. కొంత కట్టినప్పుడు కొత్త వరుస మొదలుపెట్టి, తగ్గిన అసలును తమ్ముడే చేత్తో వేయాలి. సూత్రం ఆ పని చేయదు, 4వ పద్దు లాంటి తప్పును పట్టుకోదు కూడా.

4వ పద్దు ఆయన గాజు విడిపించుకుని వెళ్లిపోయారు కాబట్టి ఇక అడగరు. ఆ 1,632 ఒక కవర్లో పెట్టి, ఎలా వచ్చిందో ఈ పట్టికలోని రెండు వరుసలు రాసిన చీటీతో కలిపి అత్తయ్యకిచ్చాను. ఆదివారం మీరిద్దరూ వెళ్లి ఇచ్చి, అందినట్టు చిట్టాలో ఆ పేజీ మీదే ఆయన చేత సంతకం పెట్టించుకోండి. నోటుబుక్కు నా దగ్గరే ఉంది, శనివారం సాయంత్రం తెస్తాను.

మీ మేనల్లుడు