పరకతచట

శ్రీను, రాత్రి 10:42
పరకతచట పరకతచట
టచతకరప టచతకరప
పపరరకక తతచచటట

విజయ పిన్నిగారు, రాత్రి 10:47
శ్రీనూ, ఏంటమ్మా ఇది? ఇంట్లో అందరూ బాగున్నారా?

శ్రీను, ఉదయం 6:15
అయ్యయ్యో, సారీ పిన్నిగారూ. టైపింగ్ టెస్టు ఉంది, కంప్యూటర్లో ఇన్‌స్క్రిప్ట్ ప్రాక్టీసు చేస్తున్నా. నాకు నేను పంపుకునే చాట్ అనుకుని మీ దాంట్లో కొట్టేశా. మీ మెసేజ్ ఇప్పుడే చూశాను. రాత్రిపూట కంగారు పెట్టేశాను, ఏమీ అనుకోకండి.

విజయ పిన్నిగారు, ఉదయం 6:40
ఏమనుకుంటాను నాన్నా! కాస్త కంగారు పడ్డ మాట నిజమే. ముందు నీ ఫోనెవరో కొట్టేశారనుకున్నా. ఇంక డబ్బులు పంపమని అడుగుతారు చూడు అని కాసేపు కూర్చున్నా. అడగలేదు. మీ బాబాయిగారు కళ్లజోడు పెట్టుకుని చదివి, "పరక పరక అంటున్నాడు, చీపురు కావాలేమో, సీతమ్మధార రైతుబజారు నుంచి మొన్న రెండు తెచ్చాను కదా, ఒకటి ఇచ్చేద్దాం" అన్నారు. నవ్వుకుని పడుకున్నాం.

అయినా ఇంటి సంగతి ఎందుకడిగానంటే, 2014లో హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఫోన్లు పనిచెయ్యక మా చెల్లి కబురు తెలీలేదు. అప్పట్నుంచీ వేళకాని వేళ ఏదొచ్చినా ముందు అదే అడుగుతాను. అది నా అలవాటు, నీ తప్పేం లేదు.

నువ్వు చెప్పాక మా మనవడి కంప్యూటర్లో తెలుగు కీబోర్డు తెరిచి చూశా. h j k l మీద ప ర క త, ఆ పక్క రెండింటి మీద చ ట. కుడిచెయ్యి మధ్య వరసన్నమాట. అచ్చులూ గుణింతాలూ ఎడమచేతికి. ఒకప్పుడు ఆఫీసులో మిషన్ మీద asdf ;lkj అని వేళ్లు నొప్పెట్టేలా కొట్టినదాన్నే, నాకిది కొత్తా? మొదటి లైను ముందుకి, రెండోది వెనక్కి, మూడోది జంటలు. మూడింట్లో ఒక్క తప్పు లేదు. పరీక్షలోనూ ఇలాగే కొట్టు.

మళ్లీ సారీలు వద్దు. ఉన్నవి తుడిచెయ్యకు, బాబాయిగారికి ఇంకోసారి చూపించాలి. ఆ నీ చాట్‌ని పైన పిన్ చేసి పెట్టుకో, వెతుక్కోనక్కర్లేదు. గాజువాక నుంచి ఇటొచ్చినప్పుడు రా, చీపురు అలాగే ఉంచుతాను. దీనికి జవాబు రాయక్కర్లేదు, వెళ్లి కూర్చుని ప్రాక్టీసు చేసుకో.

శ్రీను, ఉదయం 6:43
🙏😄