గ్లైసీన్ గ్లైసీనే కదా!

(వరంగల్‌లో ఒక లేడీస్ హాస్టల్ మెస్. రాత్రి తొమ్మిదిన్నర. రేవతి, స్వప్న ఇద్దరూ ఎంఎస్సీ బయోటెక్నాలజీ రెండో ఏడాది. తెల్లారితే స్వప్న సెమినార్. పెరుగన్నం ప్లేట్లు పక్కకు జరిపి, మధ్యలో ల్యాప్‌టాప్ పెట్టుకున్నారు.)

రేవతి: ఈ ఏడో స్లైడ్ తీసెయ్యవే. ‘సైలెంట్ మ్యుటేషన్లతో వచ్చే జబ్బులు’ అట. సార్ ఇక్కడే పట్టుకుంటారు, మిగతా స్లైడ్ల దాకా పోనివ్వరు.

స్వప్న: పట్టుకోనీ, దానికోసమే పెట్టాను.

రేవతి: డీఎన్‌ఏలో GGC అనే మూడక్షరాల కోడాన్ అంటే గ్లైసీన్. GGT అన్నా గ్లైసీనే. ప్రోటీన్‌లో ఒక్క అమైనో ఆమ్లం మారనప్పుడు జబ్బు ఎక్కణ్నుంచి ఊడిపడుతుంది? ఇంటర్‌లోనే చదివాం కదా ఇది.

స్వప్న: నువ్వు చెప్పిన మార్పే, అచ్చంగా అదే, ప్రొజీరియా తెస్తుంది. ఏడాది, రెండేళ్లకే పిల్లల ఎదుగుదల ఆగిపోతుంది, జుట్టు ఊడిపోతుంది, చర్మం ముడతలు పడుతుంది. చాలామంది పదిహేనేళ్లు తిరక్కుండానే గుండెజబ్బుతో పోతారు. కేంద్రకం పొరకు ఊతమిచ్చే ప్రోటీన్ లామిన్-ఏ, దాని జీన్‌లో 608వ కోడాన్, C ఉండాల్సిన చోట T. 2003లో బయటపడింది.

రేవతి: ఆ పక్కనే ఇంకో మ్యుటేషన్ ఉండి ఉంటుంది. దీని మీద తోసేస్తున్నారు.

స్వప్న: లేదు. క్లాసిక్ ప్రొజీరియా కేసుల్లో దాదాపు అందరిలో ఇదే, అదీ చాలావరకు అమ్మానాన్నల్లో లేకుండా కొత్తగా పుట్టినదే. ఇలా రా, చూడు.

```
మామూలు : CAG GTG GGC GGA
మార్పు  : CAG GTG GGT GGA
```

స్వప్న: ఇప్పుడు మూడేసి అక్షరాలుగా చదవకు. కోడాన్లు మర్చిపో. CAG తర్వాత గీత గీసి చదువు.

రేవతి: GTGGGT.

స్వప్న: ఉంచుకునే ముక్క ఎక్సాన్ అయిపోయి, కత్తిరించి పారేసే ముక్క ఇంట్రాన్ మొదలయ్యే చోట మామూలుగా ఏముంటుంది?

రేవతి: CAG, తర్వాత GTAAGT. లేకపోతే GTGAGT... ఓహ్.

స్వప్న: ఆ ‘ఓహ్’ దగ్గరే ఉంది విషయమంతా. C ఉన్నప్పుడు ఆ చోటు కత్తెరకు పెద్దగా ఆనలేదు. T రాగానే ఇంట్రాన్ మొదలులా కనపడుతుంది. ఇంట్రాన్లు కత్తిరించి ఎక్సాన్లు అతికే స్ప్లైసింగ్ యంత్రానికి గ్లైసీనూ తెలీదు, వాలీనూ తెలీదు. దానికి కనపడేది అక్షరాల వరసే. 11వ ఎక్సాన్ చివర్లో 150 అక్షరాలు ఎగిరిపోతాయి.

రేవతి: 150 మూడుతో భాగిస్తే 50. అంటే మూడేసి అక్షరాల ఫ్రేమ్ చెడదు, ప్రోటీన్‌లో 50 అమైనో ఆమ్లాలు మాయం.

స్వప్న: పోయిన ముక్కలోనే ఎంజైమ్ వచ్చి కోయాల్సిన చోటు ఉంది. లామిన్-ఏ తోకకు ఒక కొవ్వు గొలుసు అంటుకుంటుంది కదా, ఫార్నెసిల్. పని అయ్యాక దాన్ని కోసి పారెయ్యాలి. కోసే చోటే లేకపోతే ఆ తోక అలాగే ఉండిపోయి, ప్రోటీన్ కేంద్రకం పొరకు అతుక్కుపోతుంది. కేంద్రకం నలిగిన బుడగలా తయారవుతుంది. 2020లో అమెరికాలో అనుమతి వచ్చిన లోనాఫార్నిబ్ చేసే పని, ఆ గొలుసు అంటుకోకుండా ఆపడమే.

రేవతి: ఆగు. నువ్వే ఒప్పుకున్నావ్ ఇప్పుడు. 50 అమైనో ఆమ్లాలు పోయాయి అన్నావ్. ఇంక సైలెంట్ ఎక్కడిది? పేరు గంగాభవానమ్మ, తాగబోతే నీళ్లు లేవు అన్నట్టుంది. ఇది స్ప్లైసింగ్ మ్యుటేషన్, అంతే. నీ హెడ్డింగే తప్పు.

స్వప్న: ఆ పేరు పెట్టింది ఎవరు? కోడాన్ టేబుల్ చూసి మనమే పెట్టాం. ఎంఆర్‌ఎన్‌ఏ తీసి చూసి పెట్టలేదు. రిపోర్టుల్లో కూడా దీన్ని p.Gly608Gly అనే రాస్తారు. ఆ ఒక్క లైన్ చదివినవాడికి ఏమీ జరగనట్టే ఉంటుంది.

రేవతి: మాటలతో ఆడకు. నేనడిగేది వేరు. స్ప్లైసింగ్ చెక్కుచెదరకుండా, అమైనో ఆమ్లాల వరస అలాగే ఉండి, అయినా జబ్బు వచ్చిన కేసు చూపించు. అప్పుడు నమ్ముతాను.

స్వప్న: ఎస్‌ఎంఎన్2...

రేవతి: అదీ స్ప్లైసింగే! ఏడో ఎక్సాన్‌లో ఆరో అక్షరం C బదులు T, ఫినైల్‌అలనీన్ అలాగే ఉంటుంది, కానీ చాలా కాపీల్లో ఎక్సాన్ మొత్తం ఎగిరిపోతుంది. నేనూ చదివాను. పైగా అది జబ్బుకు కారణం కాదు. కండరాలు క్షీణించే స్పైనల్ మస్క్యులర్ అట్రోఫీ వచ్చేది ఎస్‌ఎంఎన్1 పోవడం వల్ల. ఎస్‌ఎంఎన్2లో ఆ T ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ ఉంటుంది.

స్వప్న: ఉంటుంది. కానీ ఆ T లేకపోయుంటే ఎస్‌ఎంఎన్1 పోయినా రెండోది కాపాడేది. సరే, పక్కన పెడతా. ఎండీఆర్1?

రేవతి: మందుల్ని కణం బయటకు తోసే పంపు. 2007 పేపర్. అమైనో ఆమ్లాలు అవే ఉన్నా మడత తేడాగా పడిందన్నారు. బావుంది, కానీ అది జబ్బు కాదు, మందు పనిచేసే తీరులో తేడా. నా ప్రశ్నకు జవాబు కాదు.

(స్వప్న లేచి వాటర్ క్యాన్ దగ్గరికి వెళ్లి గ్లాసు నింపుకుంటుంది. తాగకుండానే తిరిగొస్తుంది.)

స్వప్న: రక్తం గడ్డకట్టించే ఫ్యాక్టర్ 9. అది తగ్గితే వచ్చే హీమోఫీలియా-బి.

రేవతి: ఏ మార్పు?

స్వప్న: 107వ వాలీన్. GTG పోయి GTA. వాలీన్ వాలీనే. తక్కువ తీవ్రత ఉన్న హీమోఫీలియాలో దొరికింది. స్ప్లైసింగ్ మారిందేమోనని వెతికారు, కనపడలేదు. కానీ ప్రోటీన్ తయారుచేసే రైబోజోమ్ ఆ చోట నెమ్మదించింది, కణం బయటకు వచ్చే ఫ్యాక్టర్ 9 తగ్గింది. 2017లో వచ్చింది.

రేవతి: ...నెమ్మదిస్తే ఏమవుతుంది? కాస్త లేటుగా తయారవుతుంది, అంతేగా.

స్వప్న: గరిటె జారుడుగా తిప్పితే దోసె ఒకలా వస్తుంది, ఆగి ఆగి తిప్పితే ఇంకోలా వస్తుంది. పిండి అదే. ప్రోటీన్ బయటకు వస్తూనే మడత పడుతుంది. ఏ ముక్క ఎప్పుడు బయటకు వచ్చిందన్న దాన్ని బట్టి మడత మారొచ్చు.

రేవతి: దోసె ఉపమానం సార్ దగ్గర చెప్పకు తల్లీ.

స్వప్న: చెప్పను. ఒప్పుకున్నట్టేనా మరి?

రేవతి: సగం. జబ్బు రాగలదు, సరే. కానీ నీ స్లైడ్ చూస్తే ప్రతి సైలెంట్ మ్యుటేషనూ బాంబే అన్నట్టుంది. ఒక మనిషి ఎక్సోమ్, అంటే ప్రోటీన్లు రాసి ఉన్న భాగమంతా తీస్తే ఇలాంటివి పదివేల దాకా ఉంటాయి. నీలో, నాలో, ఆ వడ్డించే ఆంటీలో. అందరం బానే ఉన్నాం.

స్వప్న: అది నేను కాదనలేదే.

రేవతి: రాయలేదు కూడా. మొన్న మన ప్రాక్టికల్ డేటాలో ఫిల్టర్ ఎవరు పెట్టారు?

స్వప్న: ...నేనే. సినానిమస్, అంటే ఈ సైలెంట్‌వి అన్నీ తీసేశాను. టైమ్ లేదు కదా అని.

రేవతి: చూశావా! స్లైడ్‌లో నీతులు, ఫైల్‌లో కత్తెర.

స్వప్న: అన్నీ పెడితే పదివేలు ఎవరు చూస్తారే?

రేవతి: అన్నీ ఎందుకు? ఎక్సాన్ అంచులకు దగ్గరున్నవి, ఇంట్రాన్ మొదలులా కనపడే వరస పుట్టించేవి, మామూలు జనంలో కనపడనివి. ముందు అవి తీయి. హెడ్డింగ్ కూడా మార్చు: ‘సైలెంట్ అని రాసి ఉన్నవి’. ఫైల్ ఏ డ్రైవ్‌లో ఉంది?

స్వప్న: డెస్క్‌టాప్ మీదే. ఛార్జర్ తీసుకురా, 12 శాతమే ఉంది.